భార్యకు రాసిన ఉత్తరంలో ‘కానీ’ కొట్టేశాక

చిట్టీ పాడిన 40,000 చెప్పకుండా తమ్ముడికి ఇవ్వడం, అడిగితే అత్తగారిని తిట్టడం: గొడవ ఇదీ. నా మొదటి చిత్తులో ‘తప్పే, కానీ నువ్వూ అరిచావు’ అని ఉంది. ఆ ‘కానీ’ దగ్గరే క్షమాపణ కాస్తా వాదనైపోతుంది. ‘నీకు బాధ కలిగి ఉంటే’ అన్నా అంతే, ఆమె బాధ మీదే అనుమానం ఉన్నట్టు వినిపిస్తుంది. రెండూ కొట్టేస్తే మిగిలింది ఇది:

‘నిన్ను అడక్కుండా డబ్బు ఇచ్చేశాను. అడిగినందుకు పిల్లల ముందే మీ అమ్మను నానా మాటలన్నాను. రెండూ నా తప్పులే. అలా అనడం తప్పని పిల్లలకు నేనే చెప్తాను. తమ్ముడు తిరిగిచ్చే డబ్బు నీ ఖాతాలోనే వేయిస్తాను. వెంటనే మాట్లాడమని అడగను.’

ఆఖరి వాక్యం తీసేయకూడదు. అది లేకపోతే ఉత్తరం జవాబు కోసం ఒత్తిడి పెడుతుంది. అందుకే చేతికివ్వకుండా, ఆమె చూసేచోట పెట్టాను.