ఇంటర్వ్యూ అయ్యాక రిప్లై వచ్చేదాకా బుర్ర వేడెక్కకుండా ఉండటం ఎలా?

పన్నెండేళ్లుగా ఇంట్లోంచే అనువాదాలు చేస్తున్నాను. అంటే నా పనిలో సగం ఎదురుచూడటమే. శాంపిల్ పంపి ఎదురుచూడు, బిల్లు పంపి ఎదురుచూడు. ఈ మధ్య మా పిన్ని కూతురు ఒక ఇంటర్వ్యూకి వెళ్లొచ్చి, మా ఇంట్లో కొన్ని రోజులు ఉంది. "సోమవారంలోగా చెప్తాం" అన్నారట. గురువారం సాయంత్రం హెచ్‌ఆర్‌కి వాట్సాప్‌లో థ్యాంక్స్ చెప్తూ మెసేజ్ పెట్టింది. పావుగంటలో టిక్కులు నీలంగా మారాయి, జవాబు మాత్రం రాలేదు. ఇక చూడాలి, అన్నం కంచం ముందు కూర్చుని కూడా ఫోన్ తిప్పి తిప్పి చూడటమే. ఆమెతో చేయించిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి: ఒక కాగితం, ఒక పెన్ను, ఒక గోడ గడియారం. ఫోన్‌లోని నోట్స్ పనికిరావు. రాద్దామని ఫోన్ తీసినవాళ్లు ఆ చాట్ చూడకుండా పక్కన పెట్టరు.

1. పంపిన మెసేజ్‌ని ఒక్కసారి చదవండి. అందులో అసలు ప్రశ్న ఉందా? మా పిల్ల పెట్టింది "థ్యాంక్యూ సర్, మీ కబురు కోసం చూస్తుంటాను" అని. దానికి ఎవరైనా ఏం జవాబిస్తారు? ఈ ఒక్కటి గమనిస్తేనే సగం మందికి కాస్త ఊపిరి ఆడుతుంది.

2. మళ్లీ అడిగే రోజు ఇప్పుడే ఖాయం చేయండి. వాళ్లు సోమవారం అన్నారు కాబట్టి మంగళవారం ఉదయం 11 గంటలకని కాగితం మీద రాశాం. అప్పుడు పంపాల్సిన రెండు లైన్లు కూడా దాని కిందే రాశాం. ఆ లైన్లు చాట్‌లో టైప్ చేసి ఉంచకండి, వేలు తగిలి అర్ధరాత్రి వెళ్లిపోతాయి.

3. ఫోన్ సర్దండి. ఆ ఒక్కరి మెసేజ్‌కి వేరే రింగ్‌టోన్ పెట్టి, ఫోన్‌ని పక్క గదిలో ఉంచండి. వస్తే అదే మోగుతుంది. కొందరు చాట్‌ని ఆర్కైవ్ చేసేస్తారు. అలా చేస్తే చాలా ఫోన్లలో నోటిఫికేషనే రాదు, అప్పుడు వచ్చిందేమోనని మాటిమాటికీ తెరిచి చూడాల్సి వస్తుంది. నీలం టిక్కులకి అర్థం ఆ చాట్ తెరిచారని, అంతవరకే. లిఫ్ట్‌లో తెరిచారో, మీటింగ్‌లో తెరిచారో, వాళ్ల పాప తెరిచిందో టిక్కు చెప్పదు.

4. ఆలోచనకి టైమ్ ఇవ్వండి. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చెప్తాను.

"దాని గురించి ఆలోచించకు" అని చెప్పేవాళ్లని నేను దగ్గరికి రానివ్వను. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు. వాళ్లకి అదే పదే పదే గుర్తొచ్చింది. ఆలోచనని తోసేస్తే తిరిగొస్తుంది. వాయిదా వేస్తే మాత్రం చాలాసార్లు ఊరుకుంటుంది. ఈ వాయిదా నా సొంత చిట్కా కాదు. అమెరికాలో థామస్ బోర్కోవెక్, ఆయనతో పనిచేసినవాళ్లు 1983లోనే దీన్ని రాసిపెట్టారు. రోజూ ఒకే టైమ్‌కి, ఒకే చోట అరగంట కూర్చుని దిగులు పడాలి, మిగతా రోజంతా వచ్చిన దిగులుని ఆ అరగంటకి వాయిదా వేయాలి. నేనైతే 20 నిమిషాలే ఇస్తాను. సాయంత్రం 6 గంటలకి, వంటింటి వెనక పీట మీద. సోఫా మీద వద్దు, సుఖంగా ఉంటే లేవబుద్ధి కాదు. మంచం మీద అసలే వద్దు. పక్క ఎక్కగానే దిగులు మొదలయ్యే అలవాటు ఒకసారి పడిందంటే వదిలించుకోవడం కష్టం.

పగలు ఆలోచన రాగానే కాగితం మీద రెండే ముక్కలు రాయాలి. "నీలం టిక్కులు." "జీతం ఎక్కువడిగానా." "సర్ అనలేదు." అంతే. తర్వాత చేతిలో ఉన్న పని దగ్గరికి వెళ్లాలి. మా పిల్ల మొదటి రోజు రెండు ముక్కలకి బదులు అరపేజీ రాసింది, "జీతం ఎక్కువ అడిగానేమో, అందుకే ఆయన మొహం అలా పెట్టాడేమో, ఇంకా తక్కువ అడిగి ఉంటే..." అని. అది వాయిదా వేయడం కాదు, పీట మీద చేయాల్సిన పని పొద్దున్నే చేసేయడం. వాక్యంలో "ఏమో" వచ్చిందంటే పెన్ను కింద పెట్టేయాలి.

రెండో తప్పు, ఆలోచనకి జవాబు చెప్పబోవడం. "లేదులే, ఆయన బిజీగా ఉండుంటాడు" అని మనసుకి సర్దిచెప్తే అది వెంటనే "మరి స్టేటస్ ఎలా పెట్టాడు?" అంటుంది. వాదన పెట్టుకుంటే అదే గెలుస్తుంది. మూడోది, పక్కవాళ్లని అడగడం. "అక్కా, వస్తుందంటావా?" అని శుక్రవారం ఒక్కరోజే నన్ను తొమ్మిదిసార్లు అడిగింది. వస్తుందిలే అంటే పది నిమిషాలు కుదురుగా ఉండి మళ్లీ వచ్చేది. ఆఖరికి "కాగితం మీద రాయి, ఆరింటికి మాట్లాడుకుందాం" అన్నాను. మొహం మాడ్చుకుంది గానీ రాసింది.

ఆరింటికి జాబితా పైనుంచి కిందకి చదవాలి. చేయగలిగింది ఏదైనా ఉంటే పక్కన టిక్కు పెట్టి ఎప్పుడు చేస్తారో రాయాలి. మిగతావాటి గురించి ఆ 20 నిమిషాలూ మనస్ఫూర్తిగా దిగులు పడండి, నేనేం వద్దనను. శుక్రవారం ఆమె కాగితం మీద 14 ఉన్నాయి, టిక్కు పడింది ఒక్కదానికే (సర్టిఫికెట్ స్కాన్ చేసి ఉంచుకోవడం). ఆదివారానికి 5 మిగిలాయి, వాటిలో మూడు శుక్రవారంవే. చదువుతూ చదువుతూ తనకే విసుగొచ్చింది. పద్ధతి పట్టుబడిందనడానికి ఆ విసుగే గుర్తు. ఆలోచనలు పూర్తిగా ఆగిపోవాలని చూడకండి, ఆగవు. గడియారం 6:20 చూపించగానే లేవాలి. "ఇంకో ఐదు నిమిషాలు" అన్నారో, అది రాత్రి భోజనం దాకా సాగుతుంది.

5. చేతులకి పని చెప్పండి. గుండె దడగా ఉంటే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత గోరుచిక్కుడు ఈనెలు తీయడమో, చింతపండు గింజలు తీయడమో పెట్టుకోండి. టీవీ చూడమంటారు కొందరు. టీవీ ముందు చేతులు ఖాళీగా ఉంటాయి, ఖాళీ చెయ్యి ఫోన్ మీదకే పోతుంది. తడి చేత్తో ఫోన్ పట్టుకోలేరు కాబట్టి నా ఓటు అంట్లు తోమడానికే.

ఒక్క మాట. ఏ జవాబూ రావాల్సిన పని లేకపోయినా ఇలాగే ఉంటూ, వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించకపోతే అది ఈ కాగితంతో పోయేది కాదు. డాక్టర్‌కి చూపించుకోండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ తీసుకోరు.

6. అనుకున్న రోజున అడగండి. ఒక రోజు ముందూ వద్దు, తర్వాతా వద్దు. జవాబు లేకపోతే వారం ఆగి ఇంకోసారి అడగండి, అప్పటికీ లేకపోతే అక్కడితో ఆపేయండి. మంగళవారం 11 గంటలకి మా పిల్ల కాగితం మీది రెండు లైన్లూ చూసి టైప్ చేసి పంపింది. ఫోన్ హాల్లో పెట్టి, కుక్కర్ గిన్నె తోముతోంది. 11:40కి ఆ రింగ్‌టోన్ మోగింది. సబ్బు చేతులతోనే పరుగెత్తింది. "మేనేజర్ సెలవులో ఉన్నారు, శుక్రవారం చెప్తాం" అని ఉంది. చేతులు కడుక్కొచ్చి, కాగితం మీద మంగళవారం కొట్టేసి, శనివారం 11 అని రాసుకుంది.