ఇంట్లో టైఫాయిడ్ మళ్లీ మళ్లీ వస్తోందా? క్యారియర్ ఎవరో ఇలా కనిపెట్టండి

ఒకసారి పిల్లాడికి, ఆరు నెలలకి అత్తగారికి, మళ్లీ ఇంకొకరికి టైఫాయిడ్ వస్తే మనం ముందు నీళ్లనే తిడతాం, నీళ్లు చూడాల్సిందే కానీ అవి బాగానే ఉంటే అప్పుడు మనుషుల్ని చూడాలి. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఆ బ్యాక్టీరియా పిత్తాశయంలో, ముఖ్యంగా రాళ్లుంటే వాటిని పట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మనిషి గుండ్రాయిలా ఉంటారు, మలంలో మాత్రం క్రిములు పోతూనే ఉంటాయి. ఎసింప్టమాటిక్ క్యారియర్ అంటే ఇదే.

ముందు ఒక కాగితం తీసుకుని ఎవరికి ఏ నెలలో జ్వరం వచ్చిందో, దానికి ఒకటి నుంచి మూడు వారాల ముందు వంట ఎవరు చేశారో రాయండి. 1906లో న్యూయార్క్ దగ్గర ఆయిస్టర్ బేలో ఒక ఇంట్లో పదకొండు మందిలో ఆరుగురు టైఫాయిడ్‌తో పడిపోతే జార్జ్ సోపర్ అనే శానిటరీ ఇంజనీర్ చేసింది ఇదే, కొత్తగా చేరిన వంటమనిషి మేరీ మాలన్ అంతకుముందు పనిచేసిన ఇళ్లన్నీ వెతికితే చాలాచోట్ల ఇదే కథ. ఆవిడేమో నాకేం జబ్బు, నేను బానే ఉన్నాగా అని గొడవ పెట్టుకుంది, పాపం ఆవిడ వైపు నుంచి చూస్తే అదీ నిజమే కదా.

తర్వాత ఏం తిన్నారో చూడండి. పొయ్యి మీద ఉడికిన పప్పు, కూరల్లో క్రిములు చచ్చిపోతాయి, సోపర్ అనుమానం కూడా పచ్చి పీచ్ ముక్కలు వేసిన ఐస్‌క్రీమ్ మీదే. మన ఇళ్లల్లో అయితే పెరుగుపచ్చడి, మజ్జిగ, కోసిన పళ్లు, చేత్తో కలిపేవన్నీ.

ఇప్పుడు టెస్ట్. చాలామంది వైడల్ అనే రక్తపరీక్ష చేయించేస్తారు, క్యారియర్‌ని పట్టడానికి అది పనికిరాదు, కావాల్సింది స్టూల్ కల్చర్, అంటే మలంలోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. క్రిములు రోజూ బయటికి రావు కాబట్టి ఒక్క నెగటివ్ చూసి సంబరపడొద్దు, వేరువేరు రోజుల్లో కనీసం మూడు శాంపిళ్లు ఇవ్వండి, యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు ఇస్తే ఉన్నా లేనట్టు రావొచ్చు. శాంపిల్ ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలోనే, తీసిన వెంటనే పంపాలి.

పాజిటివ్ వస్తే ఆ మనిషిని దోషిలా చూడకండి, వంట మాత్రం కొన్నాళ్లు ఇంకొకరు చేయండి, బాత్రూమ్‌లో సబ్బు ఎప్పుడూ ఉండాలి. మందు సొంతంగా కొనొద్దు, మామూలుగా ఇది నాలుగు వారాల కోర్సు, పైగా మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగని రకాలు ఎక్కువ, అందుకే కల్చర్‌తో పాటు ఆ క్రిమి ఏ మందుకి లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్ట్ కూడా అడగండి. పొట్ట అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనిపిస్తే మందులొక్కటే సరిపోకపోవచ్చు, డాక్టర్ పిత్తాశయం తీసేద్దాం అనొచ్చు. కోర్సు అయిపోయాక మళ్లీ కల్చర్లు చేయించి అన్నీ నెగటివ్ వచ్చాకే మజ్జిగ చిలికే పని ఆ చేతికి తిరిగివ్వండి.