తహసీల్దార్ ఆఫీసుకు పంపిన మెయిల్‌కు జవాబు రావట్లేదా? ఎక్కడ ఆగిందో చూద్దాం

మా చిన్నమ్మకు ఊళ్లో ఎకరం 85 సెంట్ల పొలం ఉంది. హక్కుల రికార్డు అయిన 1-బిలో మాత్రం 1.58 అని పడింది. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు 8, 5 అటూ ఇటూ అయ్యాయి. పంట రుణం రెన్యువల్‌కు వెళ్తే బ్యాంకు వాళ్లు 1.58కే లెక్క కట్టారు. అప్పుడు బయటపడింది విషయం. మీసేవలో సవరణకు దరఖాస్తు పెట్టింది, రెండు నెలలు గడిచాయి, కదలిక లేదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆమె కొడుకు, మా తమ్ముడు, తహసీల్దార్ ఆఫీసుకు మూడు మెయిళ్లు పంపాడు. ఒక్కదానికీ జవాబు లేదు.

"అన్నా, ఇంకెలా రాయాలి వీళ్లకి?" అని నాకు ఫార్వర్డ్ చేశాడు. నేను పదకొండేళ్లు ఒక ఆఫీసులో, వచ్చే ఉత్తరాలకు నంబరు వేసే ఇన్‌వార్డ్ సీట్లో కూర్చున్నాను. రోజూ ఇలాంటి మెయిళ్లు చూసేవాణ్ణి, అందుకే ఎక్కడ ఆగిందో చదవగానే తెలిసింది. వాడు పంపిన మూడో మెయిల్ ఇది:

> సబ్జెక్ట్: అర్జెంట్ సార్, ప్లీజ్ చూడండి
>
> సార్, మా అమ్మ పొలం రికార్డులో తప్పు పడింది. ఎన్నిసార్లు తిరిగినా పట్టించుకోవడం లేదు. మీసేవలో కూడా అప్లై చేశాం. బ్యాంకులో లోన్ ఆగిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది. కాగితాలన్నీ పెట్టాను. దయచేసి న్యాయం చేయండి.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. కానీ ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎవరి పేరు, ఎప్పటి దరఖాస్తు అనేవి ఒక్కటీ లేవు. ఇలాంటి మెయిళ్లు ఎక్కడెక్కడ ఆగుతాయో ఒక్కో సమస్యగా చూద్దాం.

## సమస్య: మెయిల్ వెళ్లింది, తిరిగి రాలేదు, జవాబూ లేదు

కారణం. ఆఫీసు మెయిల్‌ను తహసీల్దార్ గారు స్వయంగా తెరిచి చదవడం అరుదు. ఇన్‌వార్డ్ చూసే ఉద్యోగి తెరిచి, ఇది ఏ సెక్షన్‌దో తేల్చి, నంబరు వేసి అటు పంపాలి. ఆ తేల్చడానికి ఆయన మొదట చూసేది సబ్జెక్టే. "అర్జెంట్ సార్" అని ఉన్న మెయిళ్లు ఇన్‌బాక్స్‌లో ఇంకా చాలా ఉంటాయి. తెరిచినా సర్వే నంబరు లేకపోతే ఏ సెక్షన్‌కు పంపాలో తెలియదు. తర్వాత చూద్దామని పక్కన పెడతారు, ఆ తర్వాత అనేది రాదు.

ఇంకో కారణం, వాడు మెయిల్‌ను కలెక్టర్, ఆర్డీవో, మంత్రి, ఇంకా నలుగురికి ఒకేసారి పంపాడు. అందరికీ పంపితే ఎవరో ఒకరు కదులుతారని మనం అనుకుంటాం. పక్కవాళ్లు చూస్తార్లే అని అక్కడ ప్రతి ఆఫీసూ అనుకుంటుంది.

పరిష్కారం. "టు"లో ఒక్క ఆఫీసే ఉండాలి. అధికారి పేరు కాకుండా హోదా రాయండి, బదిలీలు అవుతుంటాయి కదా. ఆర్డీవో గారికి కాపీ రిమైండర్ పంపేటప్పుడు పెట్టండి, మొదటిసారే వద్దు.

ఇక సబ్జెక్ట్. ఆఫీసు ఉత్తరాల్లో "విషయం" ఎలా రాస్తారో చూసే ఉంటారు: భూములు – ఫలానా మండలం – ఫలానా గ్రామం – స.నెం. – ఫలానా సవరణ – కోరుట – గురించి. గీతలతో గొలుసుకట్టుగా ఉంటుంది. ఆ గొలుసులో శాఖ, చోటు, భూమి, పని వరుసగా వస్తాయి కాబట్టి ఒక్క చూపులో సెక్షన్ తేలిపోతుంది. ఉత్తరంలో దాన్ని అలాగే ఉంచండి. మెయిల్ సబ్జెక్ట్‌కు మాత్రం అంత పొడవు పనికిరాదు, ఇన్‌బాక్స్‌లో మొదటి ముక్కే కనిపిస్తుంది. అందుకే సర్వే నంబరు, ఊరు ముందుకు రావాలి:

```
స.నెం. 214/2, (గ్రామం) – 1-బి విస్తీర్ణం సవరణ – మీసేవ దరఖాస్తు నం. (…), తేది 10-02-2025
```

ఊరి పేరు లేకుండా సర్వే నంబరు ఒక్కటే రాయకండి. అదే మండలంలో పక్క ఊరికీ 214 ఉండొచ్చు.

## సమస్య: "పూర్తి వివరాలతో మళ్లీ దరఖాస్తు చేసుకోండి" అని జవాబు వచ్చింది

కారణం. సూచిక, అంటే పాత కాగితాల నంబరు, తేదీ, లేదు. "మీసేవలో కూడా అప్లై చేశాం" అంటే సెక్షన్ క్లర్కు ఆ దరఖాస్తును ఎక్కడని వెతకాలి? నంబరు, తేదీ ఉంటేనే పాత కాగితం దొరుకుతుంది. దొరికితే మీ మెయిల్ ఆ ఫైల్‌లో చేరుతుంది. లేకపోతే అది కొత్త అర్జీ కింద లెక్క, మళ్లీ మొదటి నుంచి నడక.

పరిష్కారం. విషయం కింద "సూచిక" అని పెట్టి, తేదీల వరుసలో అంకెలు వేయండి. దస్తావేజు నంబరు రాస్తే పక్కన సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు తప్పనిసరి. ఆ నంబర్లు ప్రతి ఆఫీసులో ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి, ఉత్త "దస్తావేజు నం. 1127" అంటే అర్థం లేదు. మీసేవ రసీదు మీది నంబరును చూసి టైప్ చేసి, ఇంకోసారి అంకె అంకె సరిపోల్చండి. మా వాడు రెండో మెయిల్‌లో నంబరు రాశాడు గానీ మధ్యలో ఒక సున్నా జారిపోయింది.

విస్తీర్ణం రాసే పద్ధతి కూడా చూసుకోవాలి. ఆంధ్రాలో ఎకరాలు, సెంట్లు. తెలంగాణలో ఎకరాలు, గుంటలు, ఎకరానికి 40 గుంటలు. చిన్నమ్మ పొలం అక్కడ ఉండుంటే 1.85 కాదు, 1 ఎకరం 34 గుంటలు అని రాయాలి. సెంట్లకూ గుంటలకూ తేడా పోతే కొత్త తప్పు పుడుతుంది.

## సమస్య: సెక్షన్‌కు చేరింది, కానీ "పరిశీలనలో ఉంది" దగ్గరే ఆగింది

నన్నడిగితే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

కారణం. కష్టం చెప్పాం, అడగాల్సింది అడగలేదు. "న్యాయం చేయండి" అంటే క్లర్కు ఫైల్ మీద నోట్ ఏమని రాయాలి? ఏ రికార్డులో, ఏ గడిలో, ఎంత ఉన్నదాన్ని ఎంతగా మార్చాలో మనమే చెప్పాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒకరి విస్తీర్ణం పెంచమంటే ఆఫీసుకు వచ్చే మొదటి అనుమానం, ఆ 27 సెంట్లు ఎవరి దగ్గర్నుంచి వస్తున్నాయని. 214/2 లాంటి సర్వే సబ్‌డివిజన్ మొత్తంతో లెక్క సరిపోతేనే సవరణకు ధైర్యం చేస్తారు. సరిపోతుందో లేదో చూడటానికి రికార్డు తీయాలి, తీసే తీరిక లేక ఆపుతారు. ఆ లెక్క మనమే చేసి పెడితే సగం పని అయినట్టే.

చిన్నమ్మ విషయంలో చేశాం. పాత సర్వే రిజిస్టరు ఆర్.ఎస్.ఆర్. నకలు ప్రకారం 214/2 మొత్తం ఎ. 3.40. అందులో ఇద్దరే ఖాతాదారులు. పక్కాయనకు 1.55 ఉంది, అందులో గొడవ లేదు. ఇప్పుడు రికార్డులో ఉన్నవి కూడితే 1.58, 1.55 కలిసి 3.13. అంటే 27 సెంట్లు ఎవరి పేరా లేవు. 1.85 వేస్తే సరిగ్గా 3.40 వస్తుంది. పక్కాయన భూమికి ఏమీ కాదు. ఈ లెక్క మూడు మెయిళ్లలో ఎక్కడా లేదు.

పరిష్కారం. తిరగరాసిన ఉత్తరం ఇది. నంబర్లు, తేదీలు మార్చాను, వరుస మాత్రం మేము పంపిందే.

> తహసీల్దార్ గారికి,
> (మండలం), (జిల్లా).
>
> అయ్యా,
>
> విషయం: భూములు – (మండలం) – (గ్రామం) – స.నెం. 214/2 – ఖాతా నం. 361 – 1-బి, అడంగల్‌లలో విస్తీర్ణం సవరణ – కోరుట – గురించి.
>
> సూచిక: 1. రిజిస్టర్డ్ క్రయ దస్తావేజు నం. 1127/1998, (సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు).
> 2. మీసేవ దరఖాస్తు నం. (…), తేది 10-02-2025.
> 3. నా తరఫున పంపిన ఈమెయిల్, తేది 21-03-2025.
>
> పై విషయానికి సంబంధించి, సూచిక 1 ద్వారా నేను స.నెం. 214/2లో ఎ. 1.85 సెంట్లు కొన్నాను. 1-బి, అడంగల్‌లలో అది ఎ. 1.58గా నమోదైంది. సవరణ కోసం సూచిక 2 ద్వారా దరఖాస్తు చేశాను.
>
> ఆర్.ఎస్.ఆర్. ప్రకారం 214/2 మొత్తం ఎ. 3.40. మరో ఖాతాదారుకు ఎ. 1.55 ఉంది. నా విస్తీర్ణం ఎ. 1.85గా సవరిస్తే మొత్తం సరిపోతుంది, ఇతరుల విస్తీర్ణం మారదు.
>
> కావున 1-బి, అడంగల్‌లలో ఎ. 1.58కి బదులు ఎ. 1.85గా సవరించవలసిందిగా, క్షేత్ర పరిశీలన అవసరమైతే తేదీ తెలియజేయవలసిందిగా, ఈ అర్జీకి ఇచ్చిన ఇన్‌వార్డ్ నంబరు పంపవలసిందిగా కోరుతున్నాను.
>
> జతపరచినవి: 4
>
> ఇట్లు,
> (సంతకం)
> (అర్జీదారు పేరు, భర్త పేరు, చిరునామా, ఫోన్)

బ్యాంకు లోన్ మాట తీసేశానని తమ్ముడు కొంచెం నొచ్చుకున్నాడు. నిజంగా గడువు ముంచుకొస్తుంటే ఒక్క వాక్యం రాయొచ్చు: "ఫలానా తేదీలోగా రుణం రెన్యువల్ చేయించుకోవాలి" అని. తిరిగిన రోజుల లెక్క, ఎవరు ఏమన్నారో ఆ గొడవ ఇందులో వద్దు. అవి రాస్తే ఉత్తరం ఫిర్యాదు అవుతుంది, సవరణ అర్జీ పక్కకు పోతుంది.

## సమస్య: "అర్జీదారు సంతకం లేదు", "జతలు తెరుచుకోవడం లేదు"

భూమి చిన్నమ్మది, మెయిల్ తమ్ముడిది. ఆఫీసుకు అర్జీదారు చిన్నమ్మే. అందుకని ఉత్తరం ఆమె పేరుతో ప్రింట్ తీసి, ఆమె చేత సంతకం చేయించి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా జతచేయాలి. మెయిల్‌లో "మా అమ్మగారి తరఫున పంపుతున్నాను, సంతకం చేసిన అర్జీ జతపరిచాను" అని రెండు లైన్లు రాసి, కింద ఉత్తరం మొత్తం పేస్ట్ చేయండి.

వాడు ముందు పంపినవి తొమ్మిది ఫోన్ ఫొటోలు. రెండు అడ్డంగా ఉన్నాయి, ఒకదాంట్లో దస్తావేజు మీద బొటనవేలు పడి నంబరే కనపడలేదు. డ్రైవ్ లింకులూ వద్దు, ఆఫీసులో తెలియని లింకు ఎవరూ నొక్కరు. పీడీఎఫ్‌లు చాలు, పేరులోనే వరుస, విషయం తెలియాలి:

```
1_arji_santakam.pdf
2_dastaveju_1127_1998.pdf
3_meeseva_rasidu.pdf
4_1B_RSR.pdf
```

## సమస్య: జవాబు వచ్చింది, తర్వాత మళ్లీ నిశ్శబ్దం

వచ్చిన జవాబు మీద నంబరు చూడండి. "ఆర్.సి. నం." అని ఉంటే ఫైల్ నడుస్తోంది. "ఎల్.డిస్." లేదా "డి.డిస్." అని ఉంటే వాళ్ల లెక్కలో అది ముగిసిన ఫైల్. దానికి రిప్లై కొట్టి ఎదురుచూస్తే లాభం లేదు. ఆ నంబరునే సూచికలో వేసి, ఏ కారణంతో మూసేశారో దానికి జవాబుగా కొత్త అర్జీ పెట్టాలి.

"మీసేవలో దరఖాస్తు చేసుకోండి" అని మూసేస్తే మాత్రం వాళ్లను తప్పు పట్టలేం. ఫీజు, ఫారం ఉన్న పనికి మెయిల్ బదులు కాదు. చేసిన దరఖాస్తును కదిలించడానికే అది పనికొస్తుంది. అప్పటికీ కదలకపోతే ఆంధ్రాలో సోమవారాలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇదే ఉత్తరం కాపీ ఇవ్వొచ్చు. లేదా సమాచార హక్కు చట్టం కింద "సూచిక 2 దరఖాస్తుపై తీసుకున్న చర్యల నకలు" అడగొచ్చు. దానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

చిన్నమ్మ ఉత్తరానికి తొమ్మిదో రోజున రెండు లైన్ల జవాబు వచ్చింది: ఆర్.సి. నంబరు, సర్వేయర్ వచ్చే తేదీ. ఆ నంబరును సబ్జెక్ట్‌లో సర్వే నంబరు కంటే ముందు పెట్టుకోమని తమ్ముడికి చెప్పాను. ఇక నుంచి ప్రతి మెయిల్ దానితోనే మొదలవ్వాలి.