నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తే బాణం గీయండి

అమెరికా రాజ్యాంగం క్విజ్‌లో ఈ ప్రశ్న చూడండి: శాసనశాఖపై న్యాయశాఖకున్న అదుపు ఏది?

ఎ) అధ్యక్షుడి వీటో
బి) జడ్జీల నియామకానికి సెనేట్ ఆమోదం
సి) రాజ్యాంగ విరుద్ధమైన చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేయడం
డి) కాంగ్రెస్ మూడింట రెండు వంతుల ఓట్లతో వీటోను తోసిపుచ్చడం

నాలుగూ అదుపులే, టెన్షన్ అందుకే. ఆపేది ఎవరు, ఎవరిని ఆపుతున్నారు అని ప్రతిదాని పక్కనా చిన్న బాణం గీయండి. జడ్జీలన్న మాట చూసి చాలామంది ‘బి’ పెట్టేస్తారు. కానీ అక్కడ ఆపేది సెనేట్, ఆగేది అధ్యక్షుడి ఎంపిక. కోర్టు నుంచి కాంగ్రెస్ వైపు బాణం వెళ్లేది ‘సి’లోనే, అదే జవాబు. 1803 నాటి మార్బరీ కేసుతో ఈ అధికారం స్థిరపడింది.

అసలు బాణమే గీయలేకపోతే, ఉదాహరణకు ‘కాంగ్రెస్ సభ్యులు అదే సమయంలో మంత్రులుగా ఉండకూడదు’ అన్నది, అది అదుపు కాదు, అధికార విభజన.