డిఫరెన్షియల్ రిలే సెట్టింగులు, 4వ పాఠం: ట్యాప్ మారినా ట్రిప్ కాని స్లోప్

పోయిన పాఠంలో సీటీ రేషియో, వెక్టర్ గ్రూప్ సరిచేశాం కాబట్టి రెండు వైపుల కరెంట్లూ రిలేలో ఒకే కొలతకి వచ్చాయి. అదే 50 ఎంవీఏ, 132/33 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌తో ముందుకెళ్దాం. ట్యాప్ ఛేంజర్ హెచ్‌వీ వైపు ఉంది, 17 ట్యాపులు, ఒక్కో మెట్టు 1.25 శాతం. 1వ ట్యాప్ 138.6 కేవీ, 5వది 132, 17వది 112.2.

మనం లెక్క సరిచేసింది 5వ ట్యాప్‌కి. మామూలు సెట్టింగులో రిలేకి ట్యాప్ మారిన సంగతి తెలియదు. వ్యవసాయ మోటార్లన్నీ నడిచే వేళ 132 వైపు వోల్టేజీ బాగా పడిపోయి, ట్యాప్ 17 దాకా వెళ్లిందనుకోండి:

```
LV = 1.0
HV = 1/0.85 = 1.176
Idiff = 0.176
Ibias = (1.176+1.0)/2 = 1.088
Idiff/Ibias = 16.2%
```

ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏ లోపమూ లేకుండానే 16 శాతం తేడా! ఇప్పుడు పికప్ 0.2, స్లోప్ 15 శాతం పెట్టి ఉంటే ఫుల్ లోడ్‌లో ఏమీ కాదు, ఎందుకంటే 0.176 పికప్ కిందే ఉంది. అందుకే ఈ తప్పు నెలల తరబడి బయటపడదు. ఒకరోజు 33 కేవీ ఫీడర్ మీద ఫాల్ట్ పడి 3 రెట్లు కరెంటు పారితే Idiff 0.53, Ibias 3.26, రిలే హద్దు 0.49. ఫీడర్ పోవాల్సింది, ట్రాన్స్‌ఫార్మరే పోతుంది.

ఇలా జరిగాక చాలామంది పికప్ పెంచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, వైండింగ్‌లో ఒకటి రెండు చుట్లు కలిసిపోయిన చిన్న ఫాల్ట్‌ని పట్టేది ఆ తక్కువ పికప్పే. పెంచాల్సింది స్లోప్. ట్యాప్ తేడా 16, రెండు సీటీలకీ 2, రిలేకి 5, మాగ్నెటైజింగ్ కరెంటుకి 1, మొత్తం 24. కాస్త జాగ్రత్త కలిపి 30 పెడితే, పై ఫాల్ట్‌కి హద్దు 0.98 అవుతుంది.

ఇంకో దారి నాకు బాగా నచ్చుతుంది. మొదట్లో మ్యాచింగ్‌నే 5కి కాకుండా 125.4 కేవీ ఉండే 9వ ట్యాప్‌కి చేస్తే, 17లో తేడా 11 శాతం, 1లో 10 శాతం మాత్రమే. అప్పుడు స్లోప్ 25 చాలు.

ఒక్క మాట, ఇదంతా Ibias సగటు అయిన రిలేకి. కొన్ని రిలేల్లో అది రెండు కరెంట్ల మొత్తం, అప్పుడు ఇదే 16.2 శాతం 8.1గా కనబడుతుంది. మాన్యువల్‌లో ఆ సూత్రం చూడకుండా పాత రిలే స్లోప్‌ని కొత్తదానికి ఎక్కించొద్దు.

నిజంగా ట్యాప్ వల్లేనా అని తేల్చుకోవాలంటే రికార్డు తెరవండి: మూడు ఫేజుల్లోనూ తేడా ఇంచుమించు సమానంగా ఉండి, రెండో హార్మోనిక్ లేకపోతే ట్యాప్‌ని అనుమానించాలి. ఒక్క ఫేజులోనే ఉంటే సీటీ వైపు వెళ్లండి. సీటీ సాచురేషన్‌కి పెట్టే రెండో స్లోప్ 5వ పాఠంలో చూద్దాం, ఈలోగా మీ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మారినప్పుడల్లా ట్యాప్ నంబరు, Idiff, Ibias రాసి పెట్టుకోండి.