నోటీసు జవాబులోంచి కోపం తీసేశాక

సరుకు డబ్బు బాకీ ఉందంటూ నోటీసు వస్తే, షాపు ఓనరు తాను రాసిన జవాబు దిద్దమని నాకిచ్చాడు. మొదటి పేరాలోనే "మీరు మోసగాళ్లు" అని ఉంది. అది కొట్టేసి, "12న వచ్చిన 40 పెట్టెల్లో 9 పాడైనవి, 14న వాపసు పంపాం, రసీదు జతచేశాం" అని మార్చాను.

అసలు ప్రమాదం చివర్లో ఉంది: "ఆలస్యమైంది, క్షమించండి." పాపం, మర్యాదకే రాశాడు. కానీ దాన్ని పట్టుకుని బాకీ మొత్తం ఒప్పుకున్నాడని అవతలివాళ్లు వాదించొచ్చు. "ఆ 9 పెట్టెల డబ్బు మేం ఇవ్వాల్సిన పని లేదు, మిగతాది 20న చెల్లించాం" అని పెట్టాం.

తర్వాత నోటీసు పక్కన పెట్టుకుని పేరా నంబర్లు సరిచూస్తే, నాలుగో పేరాకు జవాబే లేదు! అది వడ్డీ గురించి. బిల్లు మీద వడ్డీ షరతేమీ లేదని ఒక వాక్యం చేర్చి, తేదీలన్నీ రసీదులతో పోల్చుకుని లాయరుకు పంపాం.