రెజ్యూమె పంపే ముందు వేరే ఫోన్‌లో తెరిచి చూడండి

డిగ్రీ ఫలితాలు వచ్చాక గుంటూరు బ్రాడీపేటలో మా అక్క కొడుకు డీటీపీ సెంటర్‌లో రెజ్యూమె కొట్టించుకుని, విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆఫీసుకి అకౌంటెంట్ ఉద్యోగానికి మెయిల్ చేశాడు. మూడో రోజు ఫోన్: "మామయ్యా, పైన పేరు చోట ఏవో పిచ్చి గుర్తులొచ్చాయంట, మళ్లీ పంపమంటున్నారు." వాళ్లు మంచోళ్లు కాబట్టి చెప్పారు. చాలామంది చెప్పకుండానే పక్కన పడేస్తారు.

వాడు పంపింది వర్డ్ ఫైలు. మామూలుగా వర్డ్ ఫైలు ఫాంటుని వెంట తీసుకెళ్లదు, అవతలి కంప్యూటర్లో ఉన్నదాన్నే వాడుకుంటుంది. వీడి పేరూ ఊరూ అను ఫాంటులో కొట్టారు. ఇలాంటి పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని చోట అసలు గుర్తులు బయటపడతాయి.

మందు పీడీఎఫ్. వర్డ్‌లో `Save As` నొక్కి పీడీఎఫ్ ఎంచుకుంటే ఫాంటు కూడా అందులోకి చేరుతుంది. అయితే అను ఫాంటు విషయంలో ఇది సగం మందే. చూడ్డానికి తెలుగే కనిపిస్తుంది, లోపల మాత్రం ఆ గుర్తులే ఉంటాయి. పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. అక్కడ చెత్త వచ్చిందంటే, అవతలివాళ్లు మీ పేరు వెతికినా దొరకదు. పేరు ఇంగ్లిష్‌లోనో యూనికోడ్ తెలుగులోనో మళ్లీ కొట్టించండి. అసలు లైను సెలెక్ట్ కాకపోతే అది కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మ. జిరాక్స్ షాపులో పని తొందరగా అవుతుందని అలా చేయించుకోకండి.

ఇక ఫైలు పేరు. మావాడిది `resume final new 2.docx`. పంపినవాడికి అర్థమవుతుంది గానీ, డౌన్‌లోడ్స్‌లో అలాంటివి ఇరవై పడి ఉన్న మనిషికి ఎవరిదో ఎలా తెలుస్తుంది? పేరు శ్రావణి అనుకుంటే ఇలా చాలు:

```
Sravani_K_Accountant.pdf
```

ఫైలు పేరు తెలుగులో వద్దు, కొన్ని పాత మెయిల్ వ్యవస్థల్లో అది కలగాపులగమవుతుంది. చివర `.pdf` ఒక్కటే ఉండాలి. `.docx.pdf` లాంటి జంట తోకలు వైరస్ పంపేవాళ్ల అలవాటు కాబట్టి వాటిని అనుమానంగా చూస్తారు.

రెండోసారి మావాడు భద్రమని ఫైలుని జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టబోయాడు. వద్దన్నాను. లోపల ఏముందో స్పామ్‌ని ఆపే మెయిల్ వడపోతకి కనిపించదు, చూడలేనిదాన్ని అది నమ్మదు. ఒక్క మాట కూడా రాయకుండా అటాచ్‌మెంట్ మాత్రమే ఉన్న మెయిల్ కూడా అంతే. సబ్జెక్టులో ఉద్యోగం పేరు, లోపల మూడు నాలుగు వాక్యాలు, కింద ఫోన్ నంబరు రాయించాను. ముందు మా అక్క మెయిల్‌కి పంపించి, తన ఫోన్‌లో తెరిపించాను. ఇన్‌బాక్స్‌లోనే పడింది, పేరు సరిగ్గా వచ్చింది. అక్కడ పడిందని ఆఫీసు మెయిల్లోనూ పడుతుందన్న హామీ లేదు, వాళ్ల వడపోత వేరు. అందుకే పంపిన మర్నాడు ఆఫీసుకి ఫోన్ చేసి, స్పామ్‌లో కూడా ఒకసారి చూడమని వాడిచేత అడిగించాను.